వంద అక్షరాల టైటిల్‌లో జనానికి కనిపించేది ఎంత? యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ పోలిక

కడపలో ఏడు రోడ్లకు దగ్గర్లో నాకు ఒక చిన్న ఎడిటింగ్ గది ఉంది. పెళ్లి వీడియోలతో మొదలుపెట్టాను. ఇప్పుడు సగం పని యూట్యూబ్ ఛానెళ్లదే. మొన్న ప్రొద్దుటూరు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. గండికోట మీద పదకొండు నిమిషాల వీడియో తీశాడు, చాలా బాగుంది. టైటిల్ ఇలా పెట్టుకున్నాడు:

"మా కడప జిల్లాలోని అందమైన గండికోట లోయకు ఒక్కరోజులో వెళ్లి వచ్చిన మా ప్రయాణం"

"అన్నా, వంద అక్షరాల దాకా పెట్టుకోవచ్చు అంటారు కదా. ఇది 74 మాత్రమే. మరి నా ఫోన్‌లో ఎందుకు కోసేసింది?" అని అడిగాడు. వాడి ఫోన్‌లో, పక్క వీడియోల వరుసలో కనిపించింది ఇంతే: "మా కడప జిల్లాలోని అందమైన గండికో…". ఊరి పేరు కూడా పూర్తిగా రాలేదు. ఒక్క రోజులో వెళ్లి రావచ్చు అన్నదే ఆ వీడియోలో అసలు విషయం. అది చూసేవాడి కంటికి చేరనే లేదు.

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. అందుకే ఒకే వీడియోను మూడు చోట్ల పెట్టేవాళ్లు ఎక్కడ ఎలా రాయాలి, టైటిల్‌కు ఏ లిపి ఎంచుకోవాలి అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు చూడాల్సిన మూడు సంగతులు

మొదటిది పరిమితి. అంటే ఆ సైట్ ఎంతవరకు రాయనిస్తుంది అన్నది. రెండోది కోత. రాసిన దాంట్లో తెర మీద కనిపించేది ఎంత, మూడు చుక్కల వెనక్కి పోయేది ఎంత అన్నది. ఈ రెండింటికీ సంబంధం లేదు. పరిమితిని లెక్కపెట్టేది కంప్యూటర్, కోతను నిర్ణయించేది తెర వెడల్పు. ఫోన్ చిన్నదైతే, లేదా పెద్దవాళ్లు సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచుకుని ఉంటే, కోత ఇంకా ముందే పడుతుంది. కాబట్టి "ఇన్ని అక్షరాల దగ్గర కోస్తుంది" అని ఎవరైనా ఒకే అంకె చెబితే దాన్ని అందరి ఫోన్లకూ పట్టుకోకండి.

మూడోది వెతుకులాట. కోతలో పోయిన మాట కంటికి కనిపించకపోయినా టైటిల్‌లోనే ఉంటుంది కాబట్టి వెతికేవాళ్లకు పనికొస్తుంది. ఈ తేడా చివర్లో బాగా ఉపయోగపడుతుంది, గుర్తుపెట్టుకోండి.

తెలుగు అక్షరాన్ని కంప్యూటర్ ఎలా లెక్కపెడుతుంది

మనం "కర్నూలు" అని రాస్తే మన కంటికి మూడు అక్షరాలు: క, ర్నూ, లు. కంప్యూటర్‌కు మాత్రం క, ర, పొల్లు, న, ఊకారం, ల, ఉకారం కలిపి ఏడు. గుణింతం గుర్తు ఒకటి, ఒత్తుకు ముందు ఉండే పొల్లు ఒకటి, సున్నా ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. "బైక్‌పై" అన్నప్పుడు క్ తర్వాత ప ఒత్తుగా మారకుండా ఆపడానికి కీబోర్డు ఒక కనిపించని గుర్తు పెడుతుంది. అది కూడా ఒక అక్షరమే.

దీని కింద ఇంకో లెక్క ఉంది, అది బైట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక్కోటి ఒక బైటు తీసుకుంటే, తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది.

| మాట | కంటికి | కంప్యూటర్ లెక్క | బైట్లు | ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే |
|---|---|---|---|---|
| కడప | 3 | 3 | 9 | Kadapa, 6 |
| కర్నూలు | 3 | 7 | 21 | Kurnool, 7 |
| జమ్మలమడుగు | 6 | 10 | 30 | Jammalamadugu, 13 |

తెలుగులో రాస్తే అక్షరాలు ఎక్కువైపోతాయని చాలామంది భయపడతారు. పట్టిక చూడండి, అక్షరాల లెక్కలో తెలుగు మనకు నష్టం చేయడం లేదు. కడప, జమ్మలమడుగు తెలుగులోనే తక్కువ. నష్టం వచ్చేది బైట్ల లెక్క ఉన్న చోట.

అలాంటి చోటు ఒకటుంది, అది యూట్యూబ్ డిస్క్రిప్షన్. అందరూ 5,000 అక్షరాలు అంటారు. కానీ యూట్యూబ్ డెవలపర్ల కోసం రాసిన పత్రంలో టైటిల్‌కు 100 అక్షరాలు అనీ, డిస్క్రిప్షన్‌కు 5,000 బైట్లు అనీ విడిగా ఉంది. వేరే యాప్ నుంచి టైమ్ పెట్టి అప్‌లోడ్ చేసేవాళ్లకు ఇదే తగులుతుంది. నాకూ ఒకసారి తగిలింది. ఒక దేవాలయం వీడియోకు స్థలపురాణం మొత్తం డిస్క్రిప్షన్‌లో రాశాను. దాదాపు 2,300 అక్షరాలు. 5,000లో సగం కూడా లేదు కదా అని రాత్రి టైమ్ పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే వీడియో పడలేదు, `invalidDescription` అని ఎర్రర్ ఉంది. లెక్క వేస్తే ఖాళీలు, కామాలు కలిపి 300 బైట్లు, మిగతా 2,000 తెలుగు గుర్తులు 6,000 బైట్లు. మొత్తం 6,300. పండగ రోజు పొద్దున పడాల్సిన వీడియో అది, చాలా బాధపడ్డాను.

తెలుగులో రాసే డిస్క్రిప్షన్ 1,700 అక్షరాలు దాటకుండా చూసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. కంప్యూటర్‌లో పైథాన్ ఉన్నవాళ్లు ఇలా చూసుకోవచ్చు:

```python
t = "జమ్మలమడుగు"
print(len(t))                  # 10
print(len(t.encode("utf-8")))  # 30
```

మరో చిన్న విషయం. యూట్యూబ్ టైటిల్‌లో గానీ, డిస్క్రిప్షన్‌లో గానీ `<`, `>` గుర్తులు ఒప్పుకోదు. బాణం గుర్తులాగా వాడి ఇరుక్కున్నవాళ్లను చూశాను.

మూడు చోట్లు పక్కపక్కన

| | యూట్యూబ్ | ఇన్‌స్టాగ్రామ్ రీల్ | ఎక్స్ |
|---|---|---|---|
| పరిమితి | టైటిల్ 100 అక్షరాలు, డిస్క్రిప్షన్ 5,000 బైట్లు | క్యాప్షన్ 2,200 | 280 |
| టైటిల్ విడిగా ఉందా | ఉంది | లేదు, క్యాప్షన్ మొదటి లైనే టైటిల్ | లేదు |
| కోత | వరుసను బట్టి మారుతుంది | దాదాపు ఒక లైను తర్వాత | మామూలు పోస్టుకు లేదు |
| లింకు | డిస్క్రిప్షన్‌లో పనిచేస్తుంది | క్యాప్షన్‌లో నొక్కితే తెరుచుకోదు | ఎంత పొడవైనా 23గా లెక్క |

యూట్యూబ్‌లో ఒకే టైటిల్ రకరకాల చోట్ల రకరకాలుగా తెగుతుంది. ఫోన్‌లో హోమ్ పేజీ మీద బొమ్మ పెద్దది, దాని కింద టైటిల్‌కు రెండు లైన్ల చోటు ఉంటుంది. వీడియో చూస్తున్నప్పుడు కింద వచ్చే చిన్న బొమ్మల వరుసలో సగం వెడల్పు బొమ్మే తీసుకుంటుంది, మాటలకు మిగిలేది సన్నని పట్టీ. మన ఊళ్లలో ఎక్కువమంది వాట్సాప్ గ్రూపులో వచ్చిన లింకు నొక్కి చూస్తారు. అక్కడ లింకు కింద టైటిల్, దాని కింద డిస్క్రిప్షన్ మొదటి ముక్క కొంచెం కనిపిస్తాయి. అందుకే డిస్క్రిప్షన్ మొదటి లైనులో "నమస్కారం, మా ఛానెల్‌కు స్వాగతం, సబ్‌స్క్రైబ్ చేసుకోండి" అని రాయడం నాకు అస్సలు నచ్చదు. ఆ చోటు చాలా విలువైనది. ఆ అబ్బాయి వీడియోకు మేము అక్కడ "కడప నుంచి జమ్మలమడుగు బస్సు, అక్కడి నుంచి గండికోటకు ఆటో, మొత్తం ఖర్చు వీడియోలో చెప్పాం" అని రాశాం. గ్రూపులో లింకు చూసినవాడికి నొక్కకముందే విషయం తెలిసింది.

ఇన్‌స్టాగ్రామ్‌లో 2,200 చూసి సంబరపడొద్దు. రీల్ ఆడుతున్నప్పుడు కింద కనిపించేది దాదాపు ఒక్క లైను, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ లైను కూడా వీడియో మీదే పడుతుంది కాబట్టి, వీడియో అడుగు భాగంలో మీరు పెట్టిన అక్షరాలు దాని కింద కలిసిపోతాయి. అసలు మాటను వీడియో మీద మధ్యలోనో పైనో రాసి, క్యాప్షన్ మొదటి లైనులో ఊరి పేరు పెట్టండి. మా గండికోట రీల్‌కు మొదటి లైను "గండికోట, కడప నుంచి ఒక్క రోజులో" అంతే. వివరాలన్నీ దాని కింద.

ఎక్స్‌లో సంగతి పూర్తిగా వేరు. డబ్బు కట్టని మామూలు ఖాతాలో 280 దాటనివ్వదు, కానీ ఆ 280 లోపు రాసింది మొత్తం కనిపిస్తుంది. కొన్ని భాషల అక్షరాలను ఎక్స్ ఒక్కోదాన్ని రెండుగా లెక్కిస్తుంది, తెలుగును మాత్రం ఒకటిగానే లెక్కిస్తుంది. ఎమోజీ రెండు. గండికోట వీడియోకు మేము మార్చిన టైటిల్ కింద ఇచ్చాను, అది 54 అక్షరాలు, ఒక ఖాళీ, లింకుకు 23, మొత్తం 78. ఇంకా 202 మిగిలాయి. బస్సు వివరాలు రాయడానికి అది చాలినంత చోటు.

ఫేస్‌బుక్ గురించి ఒక్క మాట. అక్కడ పోస్టు పరిమితి 63,206 అక్షరాలు, ఎవరూ అక్కడిదాకా వెళ్లరు. కోత మాత్రం కొన్ని లైన్ల తర్వాతే పడుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌కు రాసినట్టే రాయండి.

తెలుగు వాక్యంలో కోత ఎక్కువ దెబ్బ కొట్టేది ఎక్కడ

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇదే. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. అవునా కాదా, చేయాలా వద్దా అన్నది చివరి మాటలోనే తేలుతుంది. కోత పడేది కూడా చివరే.

అనంతపురంలో వ్యవసాయం ఛానెల్ నడిపే ఒక స్నేహితుడు పోయిన ఏడాది నాకు ఒక టైటిల్ పంపాడు: "అనంతపురం రైతులు ఈ తక్కువ వానకు శనక్కాయ విత్తనం వేయొద్దు". 55 అక్షరాలు, పరిమితికి చాలా లోపల ఉంది. కానీ సన్నని వరుసలో అది "అనంతపురం రైతులు ఈ తక్కువ వానకు శనక్కాయ విత్తనం…" అని ఆగిపోయింది. అది చదివిన రైతుకు విత్తనం వేయమంటున్నారనే అనిపిస్తుంది. వద్దు అన్న మాట చుక్కల వెనక ఉండిపోయింది. వీడియో నొక్కకుండా టైటిల్ మాత్రమే చూసి పక్కవాళ్లకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. విత్తనాల ఖర్చు ఎంతో రైతుకు తెలుసు కాబట్టి ఇది చిన్న పొరపాటు కాదు.

మేము దాన్ని ఇలా మార్చాం: "ఈ వానకు విత్తనం వేయొద్దు: అనంతపురం శనక్కాయ రైతులకు". మొదటి 24 అక్షరాల్లోనే మాట పూర్తయింది. ఆ తర్వాత ఎక్కడ కోసినా అర్థం తిరగబడదు. "లేదు", "కాదు", "వద్దు", "రద్దు" ఉన్న ఏ టైటిల్‌నైనా ఇలా రెండు ముక్కలు చేయండి. చిన్న వాక్యం ముందు పూర్తి చేసి, ఎవరికి, ఎక్కడ అన్నది ద్విబిందువు తర్వాత పెట్టండి.

గండికోట టైటిల్‌కూ అదే చేశాం: "గండికోట ఒక్క రోజులో: కడప నుంచి బస్సు, ఖర్చు, ఏం చూడాలి". 54 అక్షరాలు. "మా", "అందమైన", "జిల్లాలోని", "ప్రయాణం" అన్నీ పోయాయి. అబ్బాయి కొంచెం బాధపడ్డాడు, "అందమైన అన్న మాట ఉండాలి కదన్నా" అన్నాడు. ఆ లోయ ఫొటో బొమ్మలోనే ఉంది, అందం అక్కడే కనిపిస్తోంది అని చెప్పాను.

ఏ లిపిలో రాయాలి?

పూర్తిగా తెలుగు లిపిలో రాస్తే, తెలుగు చదివేవాడి కన్ను వరుసలో దాని మీదే ఆగుతుంది. పైన చూసినట్టు అక్షరాల లెక్కలో నష్టం లేదు. ఇబ్బంది ఒకటే, చాలామంది ఫోన్‌లో ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేసి వెతుకుతారు.

తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి ఉంది కదా, "Gandikota okka rojulo" అని. మాట్లాడటం వచ్చి చదవడం రాని పిల్లలకు, బెంగళూరులో పెరిగిన మనవాళ్ల పిల్లలకు అది బాగుంటుంది. కానీ మాటలు పొడవవుతాయి, స్పెల్లింగు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. వార్తలకు, వ్యవసాయానికి, ఆరోగ్యానికి నేను దీన్ని వద్దంటాను. యాభై ఏళ్లు దాటినవాళ్లకు అలా చదవడం చాలా కష్టం.

మూడోది కలగలుపు: "గండికోట ఒక్క రోజులో | Gandikota from Kadapa". 43 అక్షరాలు. తెలుగు ముందు, ఇంగ్లీషు వెనక. కోత పడితే పోయేది ఇంగ్లీషు ముక్కే. అది కంటి కోసం పెట్టింది కాదు, వెతికేవాళ్ల కోసం పెట్టింది, కనిపించకపోయినా పనిచేస్తుంది. దీన్ని తిరగేసి ఇంగ్లీషు ముందు పెట్టేవాళ్లు ఎక్కువ. అప్పుడు తెలుగువాడికి చెప్పాల్సిన మాట చుక్కల వెనక పడుతుంది.

యూట్యూబ్‌లో టైటిల్‌కు వేరే భాషల అనువాదం విడిగా పెట్టే సౌకర్యమూ ఉంది. వినడానికి బాగుంటుంది, కానీ ఎవరికి ఏ టైటిల్ చూపాలో అది చూసేవాడి భాష సెట్టింగును బట్టి నిర్ణయిస్తుంది. మన దగ్గర తెలుగు మాత్రమే చదివే పెద్దవాళ్ల ఫోన్లు కూడా దుకాణంలో పెట్టిచ్చినట్టు ఇంగ్లీషులోనే ఉంటాయి. అనువాదం పెడితే వాళ్లకు ఇంగ్లీషు టైటిల్ కనిపిస్తుంది. బయటి రాష్ట్రాల పర్యాటకుల కోసం తీసిన వీడియో అయితే పెట్టండి. ఊరివాళ్ల కోసం తీసింది అయితే వద్దు.

ట్యాగులు

వీటి మీద ఎక్కువ సేపు కూర్చోకండి. వీడియో దొరకడంలో ట్యాగుల పాత్ర చాలా తక్కువని, జనం తప్పు స్పెల్లింగుతో వెతికే పేర్లకు పనికొస్తాయని యూట్యూబ్ తన సహాయ పేజీలోనే చెబుతుంది. మనకు ఆ అవసరం నిజంగా ఉంది. కడపను ఇంగ్లీషులో 2005 వరకు అధికారికంగా Cuddapah అని రాసేవాళ్లు, ఇప్పటికీ అలాగే టైప్ చేసేవాళ్లు ఉన్నారు. Gandikota, Gandikotta, Cuddapah, Jammalamadugu, Jammalmadugu లాంటివి ట్యాగుల్లో పెట్టండి.

మొత్తం పరిమితి 500 అక్షరాలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ట్యాగుల మధ్య కామాలు కూడా లెక్కే. ట్యాగులో ఖాళీ ఉంటే దాని చుట్టూ రెండు కొటేషన్ గుర్తులు ఉన్నట్టు లెక్కిస్తుంది. "కడప నుంచి గండికోట" 17 అక్షరాలే అయినా 19 అవుతుంది. అందుకే 490 దగ్గర ఉన్నాం అనుకున్నప్పుడే `invalidTags` అని వస్తుంది.

హ్యాష్‌ట్యాగు వేరు. అందులో ఖాళీ వస్తే అక్కడితో అయిపోతుంది. #గండికోట లోయ అని రాస్తే లింకు అయ్యేది #గండికోట మాత్రమే. యూట్యూబ్‌లో ఒక వీడియోకు 60 కంటే ఎక్కువ పెడితే అన్నింటినీ పక్కన పెట్టేస్తుంది.

మీరు ఎవరైతే ఏది

పర్యాటకం, వంటల వీడియోలు చేసేవాళ్లు కలగలుపు టైటిల్ పెట్టుకుని యూట్యూబ్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్‌కు అదే టైటిల్ కాపీ చేయకుండా మొదటి భాగం మాత్రం తీసుకోండి.

వ్యవసాయం, ఆరోగ్యం, పరీక్షల సమాచారం ఇచ్చేవాళ్లకు పూర్తి తెలుగు లిపే మంచిది, తీర్పు మాట ముందు ఉండాలి. ఊళ్లో వార్త త్వరగా చెప్పాలనుకునేవాళ్లకు ఎక్స్ బాగుంటుంది, రాసింది రాసినట్టు కనిపిస్తుంది కాబట్టి. కానీ ఆ లింకు చివరికి వాట్సాప్‌లోకే వెళ్తుంది, అక్కడ కనిపించేది మళ్లీ యూట్యూబ్ టైటిలే.

పెట్టే ముందు ఒకసారి చూసుకోవాలంటే వీడియోను అన్‌లిస్టెడ్‌గా అప్‌లోడ్ చేయండి. యూట్యూబ్ స్టూడియోలో టైటిల్ పెట్టె మూలన 54/100 అన్నట్టు లెక్క కనిపిస్తుంది. తర్వాత దాన్ని ఒక ప్లేలిస్ట్‌లో చేర్చి ఫోన్‌లో తెరవండి, సన్నని వరుసలో కోత ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది. లింకును వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని అక్కడా చూడండి. నేను ఇంకోటి కూడా చేస్తాను. మా అమ్మ ఫోన్‌లో అక్షరాలు బాగా పెద్దవిగా పెట్టి ఉంటాయి. లింకు ఆమెకు పంపి, ఏం కనిపిస్తోందో చదవమంటాను. గండికోట వీడియోకు ఆమె చదివింది "గండికోట ఒక్క రోజులో: కడప నుంచి బస్సు" అన్నంత వరకే. సాయంత్రం ఆ అబ్బాయి దాన్ని పబ్లిక్ చేశాడు.